నలభై పదమూడు: తీసివేత రాని పిల్లల కోసం ఒక పాఠం

నాలుగో తరగతి పిల్లలకు 53 − 26 ఇస్తే వచ్చే తప్పు జవాబుల్లో బాగా కనిపించేది 33. మూడులోంచి ఆరు పోదు కాబట్టి ఆరులోంచి మూడు తీసి 3 వేస్తారు. ఐదులోంచి రెండు తీసి దాని పక్కన ఇంకో 3 వేస్తారు. నోట్‌బుక్‌లో ఎర్ర ఇంటూ పడుతుంది, పక్కన "అప్పు తెచ్చుకోవాలి" అని టీచర్ రాస్తారు. మర్నాడు అదే పిల్లవాడు 62 − 38కి 36 వేస్తాడు. వీడికి తీసివేత రాదు అంటాం గానీ, ఆ పేజీలో ఉన్నవన్నీ తీసివేతలే, విడివిడిగా చూస్తే అన్నీ సరిగ్గా చేసినవే. ఆరులోంచి మూడు పోతే మూడే కదా. వాడికి అందనిది తీసివేత కాదు, 53 అనే సంఖ్య. వాడి కంటికి అది పక్కపక్కన నిలబడ్డ ఒక ఐదు, ఒక మూడు.

రెమెడియల్ క్లాసు పేరుతో ఈ పిల్లలకు మళ్లీ పది లెక్కలు ఇస్తే, అదే తప్పు పదిసార్లు ప్రాక్టీసు అవుతుంది. అందుకే పాఠం వేసుకునేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఎన్ని లెక్కలు చేయించాలన్నది కాదు, ఎవరిని కూర్చోబెట్టాలి, ఏ అంకెలతో అడగాలి అన్నది.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యాల ప్రకారం 99 లోపు తీసివేత రెండో తరగతి పూర్తయ్యేసరికి రావాలి. తెలంగాణలో ఒకటి నుంచి ఐదు తరగతుల కోసం 2022-23లో తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలైంది కూడా ఇలాంటి లోటు పూడ్చడానికే. 2024 అసర్ సర్వేలో దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో కనీసం తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతం. అసర్ పల్లెల్లో జరిగే సర్వే, హైదరాబాద్ బడులు అందులోకి రావు. కాబట్టి ఆ అంకెను నగరానికి అంటగట్టకూడదు. అయితే అసర్ వాళ్లు పిల్లల ముందు పెట్టే తీసివేత సరిగ్గా ఈ రకందే: రెండంకెల సంఖ్యలు, పైన చిన్న ఒకట్లు, కింద పెద్ద ఒకట్లు. ఇక్కడ చెప్పబోయేది కూడా ఆ ఒక్క మెట్టు గురించే.

52 − 27 ఎందుకు ఇవ్వకూడదు

పిల్లల్ని గ్రూపులుగా విడదీయాలంటే ముందు చిన్న స్లిప్ టెస్ట్ పెట్టాలి. అందులో ఏ లెక్క ఇస్తామన్నది చాలామంది పట్టించుకోరు. చేతికొచ్చిన రెండు సంఖ్యలు రాసేస్తారు. ఉదాహరణకి 52 − 27. దీనికి 35 రాసిన ఇద్దరు పిల్లల్ని చూద్దాం. మొదటి పిల్లవాడు పెద్దదాంట్లోంచి చిన్నది తీశాడు: ఏడులోంచి రెండు పోతే 5, ఐదులోంచి రెండు పోతే 3. రెండో పిల్లకు పది తెచ్చుకోవాలని తెలుసు. పన్నెండులోంచి ఏడు తీసి 5 వేసింది. కానీ పదుల్లో ఒకటి తగ్గిందన్న సంగతి మర్చిపోయి, ఐదులోంచి రెండు తీసి 3 వేసింది. ఇద్దరిదీ 35. ఇద్దరి అవసరాలు మాత్రం వేరు. ఒకరికి పది ఎక్కడినుంచి వస్తుందో తెలియదు, ఇంకొకరికి అది వచ్చాక అక్కడ ఏం మిగులుతుందో తెలియదు.

ఒకట్ల స్థానంలోని రెండు అంకెలకు మధ్య తేడా 5 ఉన్నప్పుడల్లా ఈ రెండు తప్పులు ఒకే జవాబుగా వచ్చి కలుస్తాయి. 43 − 18, 61 − 36, 74 − 29 అన్నీ ఈ బాపతే. లెక్కగా వీటిలో లోపమేమీ లేదు, ప్రాక్టీసుకి వాడుకోవచ్చు. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి మాత్రం పనికిరావు.

అదే 53 − 26 ఇస్తే తప్పులు విడివిడిగా బయటపడతాయి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసినవాళ్లకు 33 వస్తుంది. పది తెచ్చుకుని, పదులు తగ్గించడం మరిచినవాళ్లకు 37. మూడులోంచి ఆరు పోదు కాబట్టి సున్నా అని తేల్చేసినవాళ్లకు 30. గుర్తు చూడకుండా కూడేసినవాళ్లకు 79. పద్ధతి అంతా తెలిసి, వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టేటప్పుడు ఒకటి తప్పినవాళ్లకు 28. జవాబు చూస్తే చాలు, పిల్లవాడు ఏ దారిన వెళ్లాడో దాదాపు తెలిసిపోతుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. పిల్లల తీసివేత తప్పులు ఇష్టమొచ్చినట్టు వచ్చేవి కావని, చాలాసార్లు వాటి వెనక పిల్లలు నమ్మకంగా పాటించే ఒక తప్పు పద్ధతి ఉంటుందని జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే అమెరికన్ పరిశోధకులు 1978లోనే చూపించారు. కంప్యూటర్ ప్రోగ్రాములో లోపాన్ని అన్నట్టే వాళ్లు దాన్ని బగ్ అన్నారు. ఆ మాట బాగా కుదిరింది. ప్రోగ్రామును ఎన్నిసార్లు నడిపినా బగ్ దానంతటది పోదు.

ఎవరిని కూర్చోబెట్టాలి

హైదరాబాద్‌లో బోరబండలోనో మల్లేపల్లిలోనో ఒక సర్కారు ప్రాథమిక బడి, నాలుగో తరగతిలో 28 మంది అనుకుందాం. స్లిప్ మీద 53 − 26తో పాటు పది తెచ్చుకోవాల్సిన అవసరం లేని 47 − 23 కూడా ఇచ్చారు. రెండోది దాదాపు అందరికీ వచ్చింది. మొదటిదానికి 11 మంది 27 రాశారు. ఏడుగురు 33, ముగ్గురు 37, ఇద్దరు 30, ఇద్దరు 28, ఇద్దరు 79 రాశారు. ఒకరు ఏమీ రాయలేదు.

ఇక్కడ చాలా బడుల్లో జరిగేది, సరైన జవాబు రాయని పదిహేడు మందినీ ఒక మూలకు పంపి అందరికీ ఒకే పాఠం చెప్పడం. 28 రాసినవాళ్లకు ఆ పాఠంతో పనే లేదు. వాళ్లు 13 నుంచి ఆరు వెనక్కి వెళ్లేటప్పుడు "పదమూడు" దగ్గరే మొదటి వేలు మడిచారు. నోటితో పదమూడు అనేటప్పుడు పిడికిలి అలాగే ఉంచి, "పన్నెండు" అన్నప్పుడు మొదటి వేలు కదపాలని రెండు మూడు రోజులు పక్కన కూర్చుని చేయిస్తే సరిపోతుంది. 79 రాసినవాళ్లను "ఇది ఏ గుర్తు?" అని అడిగి ఇంకో లెక్క ఇవ్వాలి. కొందరు వెంటనే సరిదిద్దుకుంటారు, కొందరు అప్పుడు తమ అసలు తప్పు చూపిస్తారు. ఏమీ రాయని పిల్లతో విడిగా మాట్లాడాలి.

మిగిలింది పన్నెండు మంది. వీళ్లతో ఒక్కొక్కరితో రెండు నిమిషాలు కూర్చోవాలి. అందరికీ కలిపి అరగంట పడుతుంది, అది రెండు రోజుల మీద విడగొట్టుకోవచ్చు. అడగాల్సింది ఒక్కటే. పది పుల్లల కట్టలు, కొన్ని విడి పుల్లలు ముందు పెట్టి "ముప్పై నాలుగు పెట్టు" అనాలి. మూడు కట్టలు, నాలుగు విడి పుల్లలు పెట్టినవాళ్లు ఈ పాఠానికి సిద్ధం. మూడు విడి పుల్లలు ఒక పక్క, నాలుగు విడి పుల్లలు ఇంకో పక్క పెట్టేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లకు ముందు కట్టలు కట్టే పని కావాలి, తీసివేత తర్వాత. కట్ట తీసుకుని అందులో పది ఉన్నాయని చెప్పినా నమ్మక, విప్పి ఒకటి నుంచి లెక్కపెట్టుకునేవాళ్లు మధ్యలో ఉంటారు. వాళ్లను గ్రూపులో ఉంచవచ్చు, ఎలాగూ ఈ పాఠంలో కట్టలు విప్పడమే పని.

చివరికి గ్రూపు ఆరుగురికి మించకూడదు. అంతకంటే ఎక్కువైతే ఎవరి చేతులు ఏం చేస్తున్నాయో టీచర్‌కు కనిపించదు. ఆరుగురిలో ముగ్గురు 33 వాళ్లు, ఇద్దరు 37 వాళ్లు, ఒకరు 30. వీళ్లను కలిపి కూర్చోబెట్టడం మంచిదే. 37 రాసిన పిల్లకు కట్ట విప్పాలని తెలుసు, 33 రాసిన పిల్లవాడు కట్టే విప్పలేదు కాబట్టి వాడి పదుల్లో తగ్గేదేమీ లేదు. జతగా కూర్చుంటే ఒకరి తప్పు ఇంకొకరి కళ్లకు కనిపిస్తుంది. మిగతా తరగతికి ఆ నలభై నిమిషాలు ఏదో ఒక రాత పని ఇవ్వక తప్పదు. ఒకే టీచర్ రెండు తరగతులు చూసుకునే బడుల్లో ఇది కష్టమే, వారానికి మూడు రోజులు దొరికితే గొప్ప.

అప్పు కాదు, చిల్లర

తరగతి గదుల్లో, ట్యూషన్లలో ఈ లెక్కకు వాడే మాట అప్పు. "పక్కింటికెళ్లి ఒకటి అప్పు తెచ్చుకో." చెప్పడానికి సులువుగా ఉంటుంది కానీ, ఈ మాటలోనే రెండు చిక్కులున్నాయి. తెచ్చుకున్నది ఒకటి, చేతికొచ్చేసరికి పది ఎలా అయ్యిందో ఆ మాట చెప్పదు. పైగా అప్పు అంటే బయటివాళ్ల దగ్గర తెచ్చుకునేది. ఇక్కడ బయటినుంచి ఏమీ రాలేదు. 53 ముందూ 53, తర్వాతా 53. పది రూపాయల నోటు ఇచ్చి చిల్లర తీసుకున్నట్టే, రూపం మారిందంతే. కాబట్టి పాఠంలో "కట్ట విప్పడం" అనే మాట వాడటం మేలు. ట్యూషన్‌లో అప్పు అని చెప్పి ఉంటే, వాళ్లు అన్నదీ మనం చేసేదీ ఒకటేనని చివర్లో ఒక్క మాట చెబితే చాలు. మొదట్లోనే రెండు మాటలూ కలిపితే గందరగోళం.

చిల్లర అన్నాం కదా, మరి నోట్లతోనే మొదలుపెట్టకూడదా? పిల్లల ఆట నోట్లు చాలా బడుల్లో ఉంటాయి. అయినా మొదట పుల్లలే ఎందుకంటే, కట్టలో పది పుల్లలు కళ్లకు కనిపిస్తాయి. పది రూపాయల నోటులో పది ఒక్క రూపాయిలు కనిపించవు, ఇంకొకరు మార్చి ఇవ్వాలి. మారకం నమ్మకం మీద నడుస్తుంది, విప్పడానికి ఆ అవసరం లేదు. ఇంకో సంగతి, ఇంట్లో అందరూ ఫోన్‌తో స్కాన్ చేసి కట్టేస్తుంటే, కిరాణా కొట్టులో చిల్లర లెక్కపెట్టి తెచ్చిన అనుభవం పిల్లలకు మునుపటంత లేదు. నోట్లు రెండో వారంలో వాడుకోవచ్చు.

ఒక్కో జతకు ఏడు కట్టలు, తొమ్మిది విడి పుల్లలు కావాలి, అంటే 79. మూడు జతలకు 237. ఐస్‌క్రీమ్ పుల్లలు కొనవచ్చు, లేదంటే కొబ్బరి ఈనెల చీపురు ఒకటి తెచ్చి జానెడు ముక్కలు చేసుకోవచ్చు. కట్టలు మాత్రం పిల్లలే కట్టాలి, ముందు రోజే. తాను లెక్కపెట్టి తానే కట్టిన కట్టలో పది ఉన్నాయని పిల్లవాడు మళ్లీ లెక్కపెట్టకుండా నమ్ముతాడు. రబ్బరు బ్యాండు ఒక్క చుట్టే వేయించాలి. మూడు చుట్లు వేస్తే పాఠం మధ్యలో విప్పలేక తెంపుతారు.

ఒక్కో జత ముందు పాత పేపరు ఒకటి పరిచి, గీతలు గీసి మూడు గళ్లు చేయాలి. ఎడమవైపు పదులు, కుడివైపు ఒకట్లు, కింద "ఇచ్చేసినవి".

కట్ట విప్పే నిమిషం

పీరియడ్ నలభై నిమిషాలు అనుకుంటే, మొదటి ఐదు నిమిషాలు నోటి లెక్క. 53 నుంచి పది పది తగ్గిస్తూ రావాలి: నలభై మూడు, ముప్పై మూడు, ఇరవై మూడు, పదమూడు, మూడు. తర్వాత పుల్లలతో మొదటి లెక్క 32 − 4. ఒకే అంకె తీయాలి, కాబట్టి పదుల వైపు గొడవ ఉండదు, కట్ట విప్పడం ఒక్కటే కొత్త పని. దాని తర్వాతే 53 − 26.

ఇక్కడ టీచర్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. 53 పుల్లలు పెట్టించి, కింద 26 పుల్లలు కూడా పెట్టిస్తారు, నోట్‌బుక్‌లో లెక్క అలాగే ఉంటుంది కాబట్టి. అలా పెడితే ముందున్నవి 79 పుల్లలు. కుడివైపు పైన మూడు, కింద ఆరు కనిపిస్తాయి. పిల్లవాడు ఏం చేస్తాడు? ఆరులోంచి మూడు తీస్తాడు. ఏ తప్పు పోగొట్టాలనుకున్నామో దాన్ని మనమే పేపరు మీద పరిచి చూపించినట్టు. పుల్లలుగా ఉండాల్సింది 53 ఒక్కటే. 26ను చిన్న చీటీ మీద రాసి పక్కన పెట్టాలి. అది అడిగిన సంఖ్య, ఉన్న సంఖ్య కాదు.

"నీ దగ్గర యాభై మూడు ఉన్నయ్. నాకు ఇరవై ఆరు కావాలె. ఇయ్యగలవా?"

ఈ మొదటి ప్రశ్న మొత్తం సంఖ్య గురించి. ఇవ్వగలనని అందరూ అంటారు, అనాలి కూడా. ఎందుకంటే కాసేపట్లో "మూడులోంచి ఆరు పోదు" అన్న గోడ వచ్చినప్పుడు, ఇవ్వగలనని తాను ముందే ఒప్పుకున్న సంగతి పిల్లవాడికి గుర్తుండాలి.

"సరే, ముందు విడి పుల్లలు ఆరు ఇయ్యి."

"ఆరు లెవ్వు టీచర్, మూడే ఉన్నయ్."

ఇక్కడ టీచర్ నోరు కట్టుకోవాలి. పది పదిహేను సెకన్లు ఎవరూ మాట్లాడరు. ఆ నిశ్శబ్దం భరించలేక చాలామంది "కట్ట విప్పు" అని చెప్పేస్తారు, అక్కడితో పాఠం అయిపోయినట్టే. ఆగితే, జతలో ఒకరి చెయ్యి కట్ట మీదికి వెళ్తుంది. "గిది ఇప్పనా?" అని అడుగుతారు. కట్ట విప్పి, పది పుల్లలూ ఒకట్ల గడిలోకి జరుపుతారు.

ఇంకా ఏమీ ఇవ్వనివ్వకుండా అప్పుడు అడగాలి: "ఇప్పుడు నీ దగ్గర మొత్తం ఎన్ని?"

పాఠం మొత్తానికి ఈ ప్రశ్నే ఆయువుపట్టు. కొందరు 63 అంటారు, పది కొత్తగా వచ్చాయని. కొందరు 43 అంటారు, ఒక కట్ట పోయిందని. కొందరు మళ్లీ మొదటినుంచి లెక్కపెడతారు. వాళ్లను లెక్కపెట్టనివ్వాలి, 53 వచ్చినప్పుడు వాళ్ల ముఖంలో కనిపించే ఆశ్చర్యమే మనకు కావాల్సింది. 37 రాసిన పిల్లకు కూడా చికిత్స ఇక్కడే జరుగుతుంది. కట్ట తన చేత్తోనే తీసింది కాబట్టి పదుల గడిలో నాలుగే ఉన్నాయని ఆమెకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు.

ఒకరు పేపరు వైపు చూసి "నలభై పదమూడు" అంటారు. మిగతావాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వచ్చు గానీ తప్పు అనకూడదు. నాలుగు కట్టలు నలభై, విడివి పదమూడు, ఉన్నదున్నట్టు చెప్పింది. నోట్‌బుక్‌లో 5 కొట్టేసి 4, 3 కొట్టేసి 13 అని రాసేది సరిగ్గా ఆ మాటే. ఆ రోజు నుంచి ఆ గ్రూపులో "నలభై పదమూడు" అనే మాటను పేరుగా వాడుకోవచ్చు. 62 ఇచ్చి "దీన్ని విప్పితే?" అంటే "యాభై పన్నెండు" అని రావాలి. పుల్లలు లేకుండా ఇలాంటివి నాలుగైదు నోటితో అడిగితే ఎవరికి ఎక్కిందో తెలుస్తుంది.

ఈ మాట తెలుగులో ఇంత తేలిగ్గా దొరకడం మన అదృష్టం. ఇరవై దాటితే తెలుగు అంకెల పేర్లలో పదులు ముందు, ఒకట్లు తర్వాత, దాపరికం లేకుండా వినిపిస్తాయి. హైదరాబాద్ తరగతిలో మాత్రం అందరి ఇంటిభాషా తెలుగు కాదు. ఉర్దూ, హిందీ మాట్లాడే పిల్లలకు 53 అంటే తిర్పన్, 39 అంటే ఉన్‌తాలీస్. అందులో పచాస్ ఎక్కడుందో, తీస్ ఎక్కడుందో చెవికి అందదు. ఉన్‌తాలీస్‌లో అయితే చెవికి తగిలేది చాలీసే. దానికి తోడు సర్కారు బళ్లలోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చాక తరగతిలో ఫిఫ్టీ త్రీ, ఇంట్లో యాభై మూడు లేదా తిర్పన్ నడుస్తున్నాయి. థర్టీన్, థర్టీ ఒకేలా వినిపించి 13 బదులు 30 రాసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. ఈ పాఠంలో 13 మీదే ఆధారపడుతున్నాం కాబట్టి అది చిన్న ఇబ్బంది కాదు. ఉర్దూ మాట్లాడే పిల్లవాడితో "పాంచ్ దస్ ఔర్ తీన్" అనీ, విప్పాక "చార్ దస్ ఔర్ తేరా" అనీ కట్టల లెక్కలో చెప్పించుకోవచ్చు. సంఖ్య పేరు ఏ భాషలో ఉన్నా, కట్టలు ఎన్ని, విడివి ఎన్ని అన్న రెండు ముక్కలు నోట పలకాలి.

తర్వాత పని చకచకా సాగుతుంది. పదమూడులోంచి ఆరు "ఇచ్చేసినవి" గడిలోకి, రెండు కట్టలు కూడా అక్కడికే. మిగిలినవి రెండు కట్టలు, ఏడు. సరిచూసుకోవడానికి ఇచ్చేసినవి మళ్లీ పైకి తెచ్చి కలిపితే 53 రావాలి. ఒకట్లలో పది పోగయ్యాయి కాబట్టి రబ్బరు బ్యాండు మళ్లీ వేయాల్సి వస్తుంది. కూడికలో పది కట్టడం, తీసివేతలో పది విప్పడం ఒకే పనికి రెండు వైపులని పిల్లలకు ఉపన్యాసం అక్కర్లేదు, చేతికే తెలుస్తుంది.

కొందరు పిల్లలు ముందు రెండు కట్టలు ఇచ్చేసి, తర్వాత విడి పుల్లల సంగతి చూస్తారు. అడ్డుకోవాల్సిన పని లేదు. పుల్లల దగ్గర ఎడమనుంచి మొదలుపెట్టినా జవాబు అదే వస్తుంది. కాగితం మీద కుడినుంచి మొదలుపెట్టమనేది ఎందుకంటే, పదుల జవాబు ముందే రాసేస్తే కట్ట విప్పాక దాన్ని చెరిపి మళ్లీ రాయాలి. ఆ కారణం రాసేటప్పుడు చెప్పాలి, ముందు కాదు.

పుల్లల్లో 27, నోట్‌బుక్‌లో 33

ఈ పాఠం ఎక్కువగా బెడిసికొట్టేది పుల్లల దగ్గర కాదు, పెన్సిల్ పట్టుకున్నప్పుడు. పుల్లలతో చక్కగా 27 తెచ్చిన పిల్లవాడే ఐదు నిమిషాల తర్వాత అదే లెక్కను నోట్‌బుక్‌లో 33 చేస్తాడు. టీచర్ తల పట్టుకుంటారు. పిల్లవాడి వైపు నుంచి చూస్తే ఇందులో వింతేమీ లేదు. పుల్లలతో ఆడింది ఒక ఆట, నోట్‌బుక్‌లో చేసేది లెక్క. రెండూ ఒకటేనని వాడికి ఎవరూ చూపించలేదు. పుల్లల పని మొత్తం అయ్యాక, తీసేసి, రాత మొదలుపెట్టడం వల్ల వచ్చే చిక్కు ఇది.

కాబట్టి తర్వాతి పన్నెండు నిమిషాల్లో రెండూ కలిసి నడవాలి. జతలో ఒకరు పుల్లలు కదుపుతారు, ఇంకొకరు రాస్తారు. పుల్ల కదిలితే పెన్సిల్ కదలాలి, పెన్సిల్ కదలకుండా పుల్ల కదలకూడదు. కట్ట విప్పగానే రాసేవాళ్లు 5 కొట్టేసి పైన 4 వేస్తారు. పది పుల్లలు ఒకట్లలోకి రాగానే 3 కొట్టేసి 13 వేస్తారు. ఆరు ఇచ్చాకే గీత కింద 7 పడుతుంది. తర్వాతి లెక్కకు పనులు మార్చుకుంటారు. నెమ్మదిగా సాగుతుంది, పన్నెండు నిమిషాల్లో రెండు లెక్కలు అయితే చాలు.

అయినా ఎవరైనా 33 రాస్తే కొట్టేయకుండా, పుల్లల పక్కన నోట్‌బుక్ పెట్టి "ఇక్కడ ఇరవై ఏడు, అక్కడ ముప్పై మూడు. ఏది నిజం?" అనాలి. నోట్‌బుక్కే కరెక్ట్, పుల్లలు ఎక్కడో పోయాయి అనే పిల్లలుంటారు. నాలుగేళ్లుగా మార్కులు పడింది నోట్‌బుక్‌కే కదా మరి. అప్పుడు 33 నిజమైతే దానికి ఇచ్చేసిన 26 కలిపితే ఎంత రావాలో పుల్లలతోనే చూపించమనాలి. 59 వస్తుంది. మొదట ఉన్నవి 53. ఆరు పుల్లలు ఎక్కడినుంచి పుట్టుకొచ్చాయో వాళ్లే వెతుక్కుంటారు.

రెండో రకం తేడా పాఠం బాగా ఎక్కిన పిల్లల్లో వస్తుంది. విప్పడం అలవాటయ్యాక ప్రతి లెక్కలోనూ విప్పేస్తారు. 58 − 23లో కూడా 5 కొట్టి 4, 8 కొట్టి 18 చేసి, పద్దెనిమిదిలోంచి మూడు తీసి 15 వేసి, దాని ముందు 2 పెట్టి 215 అంటారు. యాభై ఎనిమిదిలోంచి తీస్తే రెండొందల పదిహేను మిగలడం వాళ్లకు విడ్డూరంగా తోచదు. అందుకే వరసగా విప్పే లెక్కలే ఇవ్వకుండా, 53 − 26 తర్వాత వెంటనే 58 − 23 పెట్టాలి. "విడి పుల్లలు మూడు ఇవ్వగలవా?" అన్న ప్రశ్న ప్రతిసారీ అడగాలి. విప్పడం నియమం కాదు, చాలనప్పుడు చేసే పని.

చివరి ఐదు నిమిషాలు పుల్లలు లేకుండా, ఒక్కొక్కరు విడిగా మూడు లెక్కల స్లిప్ రాయాలి: 41 − 7, 75 − 42, 62 − 38. మధ్యలోది విప్పనక్కర్లేనిది. మూడోదానికి 36 వస్తే పాత తప్పే, 34 వస్తే పదులు తగ్గించలేదు, 24 సరైనది. మొదటి రోజే ఆరుగురూ 24 తెస్తారని ఆశ పెట్టుకోకూడదు. ముగ్గురు తెస్తే పాఠం బాగా నడిచినట్టే. 36 నుంచి 34కు వచ్చిన పిల్లవాడికీ ఇంటూ మార్కే పడుతుంది గానీ, వాడు ఒక అడుగు ముందుకేశాడు.

రెండో రోజు ఇదే పాఠం వేరే అంకెలతో. మూడో రోజు పుల్లల మీద గుడ్డ కప్పి, నోట్‌బుక్ పక్కన కట్టకు నిలువు గీత, విడి పుల్లకు చుక్క గీయిస్తే చాలు, కట్ట విప్పడమంటే ఒక గీత కొట్టేసి పది చుక్కలు పెట్టడం. సున్నా ఉన్న లెక్కలు ఆ తర్వాతే. 40 − 17కి 37 రాసే పిల్లలు 53 − 26 చేయగలిగినవాళ్లలోనూ ఉంటారు. ఒకట్ల గడి పూర్తిగా ఖాళీగా ఉండటం వేరే సమస్య. 300 − 158 లాంటివాటికి పుల్లలు చాలవు, వంద పుల్లల మూట విప్పేసరికి పీరియడ్ అయిపోతుంది. అప్పుడు వంద, పది, ఒక రూపాయి ఆట నోట్లు బయటికి తీయాలి.

ఇంకో పద్ధతి కూడా ఉంది: 26 నుంచి పైకి ఎక్కుతూ 30కి నాలుగు, 50కి ఇరవై, 53కి మూడు, మొత్తం 27. చిల్లర తిరిగిచ్చేటప్పుడు కొట్టువాళ్లు లెక్కపెట్టేది ఇలాగే. 52 − 49 లాంటివాటికి ఇదే తేలిక. అయితే ఈ గ్రూపుకు మొదటి వారంలో రెండు పద్ధతులూ ఇస్తే సగం ఇది, సగం అది కలిపేస్తారు. కట్ట విప్పడం కుదురుకున్నాక చూపించవచ్చు.

గ్రూపులోంచి ఎవరిని ఎప్పుడు పంపించాలన్నది పాఠం రోజు స్లిప్ చూసి తేల్చకూడదు. అదే రోజు అందరికీ గుర్తుంటుంది. వారం ఆగి, పుల్లలు చూపించకుండా, మామూలు తరగతి మధ్యలో ఐదు లెక్కలు ఇవ్వాలి. వాటిలో ఒకటి విప్పనక్కర్లేనిది, ఒకటి సున్నా ఉన్నది, ఒకటి 71 − 38 లాంటిది ఉండాలి. నాలుగు వస్తే పంపించవచ్చు. 71 − 38కి మళ్లీ 47 రాసినవాళ్లను కట్టల దగ్గరికే తీసుకురావాలి, అయితే ఈసారి లెక్కలు తగ్గించి, "ఇప్పుడు మొత్తం ఎన్ని?" అన్న ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగాలి.

గంట కొట్టడానికి రెండు నిమిషాల ముందు పుల్లలు వెనక్కి తీసుకోవాలి. ఏడు కట్టలు, తొమ్మిది విడివి లెక్క చూపిస్తేనే ఆ జత లేవాలి. ఎక్కడో ఒక కట్టలో తొమ్మిదే ఉంటాయి, ఒక పుల్ల బెంచీ కింద దొరుకుతుంది. ఆ పుల్ల దొరకకుండా వెళ్లిపోతే, మర్నాడు ఎవరో కట్ట విప్పి "నలభై పన్నెండు" అంటారు. అప్పుడు తప్పు పిల్లదా, కట్టదా తేల్చుకోవడానికి సగం పీరియడ్ పోతుంది.